స్లైడ్ ఎంత చెబితే ప్రకటన అంతే

కంపెనీవాళ్లు పదిహేను స్లైడ్ల ప్రజెంటేషన్ పంపి, సాయంత్రానికల్లా పత్రికా ప్రకటన కావాలంటారు. స్లైడ్ అనేది పక్కన నిలబడి వివరించే మనిషి ఉంటాడన్న ధీమాతో తయారయ్యేది. అందులో అంకెలు, బాణం గుర్తులు, అరకొర వాక్యాలు ఉంటాయి. మిగతాది మాట్లాడే మనిషి చెబుతాడు. ప్రకటన రాసేటప్పుడు ఆ మనిషి ఉండడు, వాక్యాలు మాత్రం పూర్తిగా రాయాలి. ఆ ఖాళీలు నింపేటప్పుడే స్లైడ్‌లో లేని మాటలు వచ్చి చేరతాయి.

ఉదాహరణకు, కూరగాయల మార్కెట్లలో పెట్టే చిన్న శీతల గదుల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. నాలుగో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో ‘టమాటా వృథా 30% నుంచి 18%కి’ అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘2 మార్కెట్లు, 40 మంది రైతులు, 12 వారాలు, కంపెనీ లెక్క’ అని ఉంది. ఏడో స్లైడ్‌లో ‘200 మార్కెట్లు – 2028’. తొమ్మిదో స్లైడ్‌లో రాష్ట్ర మార్కెటింగ్ శాఖతో అవగాహన ఒప్పందం. పదకొండో స్లైడ్‌లో ఆరు సంస్థల లోగోలు.

తొందరలో రాస్తే మొదటి వాక్యం ఇలా వస్తుంది: ‘టమాటా రైతుల నష్టాన్ని 40 శాతం తగ్గించిన శీతల గది, ప్రభుత్వ భాగస్వామ్యంతో 200 మార్కెట్లకు విస్తరిస్తోంది.’

చదవడానికి బాగానే ఉంది. విడదీసి చూస్తే నిలవదు. ముప్పైలో పన్నెండు తగ్గితే నలభై శాతం తగ్గినట్టే, లెక్కలో తప్పులేదు. కానీ స్లైడ్ చెప్పింది పాడైన సరుకు గురించి. నష్టం అంటే డబ్బు. సరుకు పాడవకపోయినా ధర పడిపోతే రైతు నష్టపోతాడు. పైగా నలభై మంది దగ్గర కొలిచినది ‘టమాటా రైతులు’ అనేసరికి అందరికీ వర్తించేసింది. ‘200 మార్కెట్లు’ ఒక లక్ష్యం. అవగాహన ఒప్పందం చాలాసార్లు కలిసి పనిచేయాలన్న ఉద్దేశాన్ని చెప్పే కాగితమే. అందులో డబ్బు, గడువు, బాధ్యతలు ఏమున్నాయో తెలియకుండా ‘భాగస్వామ్యం’ అనలేం.

అందుకే రాయడానికి ముందు ఒక పట్టిక వేసుకోవాలి. మొదటి గడిలో స్లైడ్ నంబరు, రెండో దాంట్లో అక్కడున్న మాటలు యథాతథంగా, మూడో దాంట్లో దాని స్థితి: జరిగిపోయిందా, జరుగుతోందా, లక్ష్యమా, కంపెనీ అభిప్రాయమా? చిన్న అక్షరాల గమనిక ఏ అంకె కింద ఉంటే ఆ అంకెతోపాటే పట్టికలోకి రావాలి, ప్రకటనలోకీ రావాలి. తెలుగులో క్రియే ఈ స్థితిని పట్టిస్తుంది. ‘విస్తరించింది’, ‘విస్తరిస్తోంది’, ‘విస్తరించాలని లక్ష్యంగా పెట్టుకుంది’ అన్నవి మూడు వేర్వేరు వార్తలు. లోగోల స్లైడ్‌కు మూడో గడి ఖాళీగానే మిగులుతుంది. వాళ్లు కొనుగోలుదారులా, పెట్టుబడిదారులా, ఒకసారి సమావేశానికి వచ్చినవాళ్లా అన్నది లోగో చెప్పదు. కాబట్టి ఆ పేర్లు ప్రకటనలో ఉండకూడదు.

పట్టికలో ‘జరిగిపోయింది’ అన్న వరసల్లో బలమైనదే మొదటి వాక్యం అవుతుంది: ‘రెండు మార్కెట్లలో 40 మంది రైతులతో 12 వారాలు జరిపిన పరీక్షలో టమాటా వృథా 30 శాతం నుంచి 18 శాతానికి తగ్గిందని కంపెనీ తెలిపింది.’ ఒప్పందం రెండో పేరాలోకి, లక్ష్యం ‘2028 నాటికి’ అన్న గడువుతో మూడో పేరాలోకి వెళ్తాయి.

చాలామంది ఏమారేది ఎండీ పేరున వేసే వ్యాఖ్య దగ్గర. పైన తీసేసిన మాటే కొటేషన్ గుర్తుల మధ్య మళ్లీ దూరుతుంది. ‘దేశంలో ఇదే మొదటిది’ అన్న మాటకు స్లైడ్ లేకపోతే ఎండీ నోట పెట్టినా ఆధారం పుట్టదు. వ్యాఖ్యలో ఆశ, కారణం, ఉద్దేశం చెప్పవచ్చు. వాస్తవం చెబితే దానికీ స్లైడ్ నంబరు ఉండాలి. ఆ మాటలకు ఆయన ఆమోదమూ తీసుకోవాలి.

చిత్తుప్రతి అయ్యాక ప్రతి వాక్యం పక్కన స్లైడ్ నంబరు వేసి చూడాలి. నంబరు దొరకని వాక్యం తీసేయాలి, లేదా కంపెనీని అడగాలి. ఇక్కడ అడగాల్సినవి రెండు: 30 శాతం అన్న పాత అంకె అవే మార్కెట్లలో, అదే సీజన్‌లో తీసుకున్నదా? ఒప్పందంపై సంతకాలు అయ్యాయా? జవాబు రాతలో రావాలి. ఫోన్‌లో ‘అవునండీ, వేసేయండి’ అంటే సరిపోదు. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదైనదైతే ఇంకో జాగ్రత్త ఉంది. షేరు ధరను కదిలించగల సమాచారం ముందు ఎక్స్ఛేంజ్‌కు చేరాలి, ప్రకటన ఆ తర్వాతే.

వచ్చిన జవాబును బట్టి ప్రకటన మారితే స్లైడ్‌నూ సరిచేయించాలి. విలేకరికి తరచూ రెండూ కలిపే వెళ్తాయి. ఒకదాంట్లో ఒక అంకె, రెండోదాంట్లో మరో అంకె కనిపిస్తే అతను రాసే వార్త శీతల గదుల గురించి కాకుండా ఆ తేడా గురించి అవుతుంది.