ప్రకటన ఖర్చు పెంచే ముందు మూడు పరీక్షలు

ఒక చిన్న వ్యాపారం గోంగూర పచ్చడిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలతో కొత్తగా అమ్మబోతోంది అనుకుందాం. అరకిలో సీసా ధర 350 రూపాయలు. తయారీకి, సీసాకు 130, ప్యాకింగుకు, కొరియర్‌కు 80 పోతే 140 మిగులుతుంది. ప్రకటన ఖర్చు ఆర్డరుకు 140 దాటకపోతే చాలనిపిస్తుంది. కానీ క్యాష్ ఆన్ డెలివరీలో కొన్ని పార్సిళ్లు వెనక్కి వస్తాయి. పదింటిలో రెండు తిరిగొచ్చి, ఒక్కోదానికి రానూపోనూ 150 దండగైతే, ఎనిమిది సీసాల మీద మిగిలిన 1,120లో 300 పోయి 820 ఉంటుంది. అంటే ఆర్డరుకు 82. ప్రతి పరీక్షనూ లైకులతో, క్లిక్కులతో కాకుండా ఈ అంకెతోనే తూచాలి.

మొదటి పరీక్ష కొనేవాళ్లెవరో తెలుసుకోవడానికి. ఒకే ప్రకటనను, ఒకే ధరతో, హైదరాబాద్ ఉద్యోగులకు, బెంగళూరు తెలుగువాళ్లకు, రెండు రాష్ట్రాల్లోని అందరికీ వారం రోజులు చూపాలి. ఒక్కో వర్గానికి 3,500 ఖర్చుపెడితే వరసగా 40, 50, 25 ఆర్డర్లు వచ్చాయనుకోండి. బెంగళూరు గెలిచిందని తొందరపడకూడదు. ఇంత చిన్న లెక్కల్లో 40కి, 50కి తేడా కాకతాళీయం కావచ్చు. 25కి, 50కి ఉన్న తేడాను మాత్రం నమ్మొచ్చు. అందుకని మూడో వర్గాన్నే ఆపాలి. ఫేస్‌బుక్ నడిపే మెటా సంస్థ కూడా వారానికి సుమారు 50 ఫలితాలు వస్తే గానీ ప్రకటన కుదురుకోదంటుంది. మధ్యలో పెద్ద మార్పు చేస్తే ఆ నేర్చుకోవడం మళ్లీ మొదలవుతుంది.

రెండో పరీక్షలో వర్గం, ధర అలాగే ఉంచి ప్రకటననే మార్చాలి. సీసా ఫొటో ఒకటి, గోంగూర వేయించే వీడియో ఒకటి పెట్టి చూడొచ్చు. రంగులు మార్చిన ఫొటోల మధ్య తేడా తేల్చాలంటే చాలా ఆర్డర్లు కావాలి. అందుకే పూర్తిగా వేరైన ఆలోచనలనే పోటీకి పెట్టాలి.

మూడోది ఆఫర్ పరీక్ష. ముందే డబ్బు కడితే 30 తగ్గింపు ఇస్తామంటే ఆర్డర్లు 50 నుంచి 40కి పడిపోవచ్చు. వాపసులు దాదాపు ఆగిపోతే మాత్రం ఆర్డరుకు 110 మిగులుతుంది. 3,500 ప్రకటన ఖర్చు తీసేస్తే పాత పద్ధతిలో 600, కొత్త ఆఫర్‌లో 900 లాభం. ఆర్డర్లు తగ్గినా ఈ ఆఫరే మేలు. అయితే పార్సిళ్లు చేరి, వాపసులు తేలేదాకా తీర్పు చెప్పకూడదు.

ఇవన్నీ తేలాక బడ్జెట్‌ను కొన్ని రోజులకోసారి 20 శాతం చొప్పున పెంచడం చాలామంది పాటించే పద్ధతి. సులువుగా కొనేవాళ్లు ముందే కొనేస్తారు కనుక తర్వాతి ఆర్డర్లు ఖరీదవుతాయి. రోజుకు 1,000 పెడితే 14 ఆర్డర్లు, 2,000 పెడితే 22 వచ్చాయనుకుందాం. సగటున ఆర్డరుకు 91, కాబట్టి 110 లోపే ఉన్నామనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన 1,000కి వచ్చినవి ఎనిమిదే. వాటికి ఒక్కోదానికి 125 పడింది, అంటే ప్రతిదానిమీదా 15 నష్టం. బడ్జెట్ పెంచిన ప్రతిసారీ సగటును పక్కనపెట్టి, ఆ పెంపు తెచ్చిన ఆర్డర్ల ఖర్చును విడిగా లెక్కేయాలి. అది 110 దాటిన చోట పెంపు ఆపాలి.