సీసం-తగరం పటాన్ని చదవడం ఎలా?

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, తగరం 232 దగ్గర. రెంటినీ కలిపితే కరిగే వేడి ఈ రెండంకెల మధ్య ఎక్కడో ఉంటుందనుకుంటాం. కానీ నూటికి 61.9 పాళ్లు తగరం ఉన్న మిశ్రమం 183 డిగ్రీలకే నీరైపోతుంది. టీవీ మెకానిక్కు వాడే 63/37 టంకం తీగ దాదాపు ఇదే. ఇలా ఎందుకో ఒక్క చూపులో తెలియజెప్పే బొమ్మే ఫేజ్ డయాగ్రమ్. ఇంజినీరింగ్ విద్యార్థులు ఇందులోని గీతల్ని బట్టీ పడతారు గానీ, దాన్ని అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఏయే ఫేజ్‌లు ఉన్నాయి, ఒక్కోదాని కూర్పు ఎంత, ఒక్కోటీ ఎంతెంత ఉంది.

పటంలో అడ్డంగా తగరం శాతం, నిలువుగా ఉష్ణోగ్రత. పైన అంతా ద్రవం. ఎడమ అంచున కొంచెం తగరాన్ని తనలో కలుపుకున్న సీసం, అదే ఆల్ఫా. కుడి అంచున కాస్త సీసం కలిసిన తగరం, అది బీటా. మిగతా చోట్ల రెండేసి ఫేజ్‌లు కలిసి ఉంటాయి.

తగరం 40, సీసం 60 పాళ్లున్న టంకాన్ని 300 డిగ్రీల నుంచి నిదానంగా చల్లారుద్దాం. మొదట మొత్తం ద్రవమే. సుమారు 238 దగ్గర ద్రవం హద్దుగీత తగులుతుంది, ఆల్ఫా రేణువులు పుట్టడం మొదలవుతుంది. అక్కడి నుంచి 183 దాకా అది గట్టీ కాదు, నీరూ కాదు, ముద్దలా ఉంటుంది. సీసం గొట్టాలు అతికేవాళ్లకు ఈ ముద్దతనమే కావాలి, అతుకును గుడ్డతో ఒత్తి నున్నగా తీర్చవచ్చు. సర్క్యూట్ బోర్డుకు మాత్రం ఇదే చేటు. గట్టిపడేలోగా తీగ కదిలితే అతుకు గరుకుగా, బలహీనంగా తయారవుతుంది.

183కు ఒక్క వెంట్రుక పైన ఆగుదాం. మన బిందువు గుండా అడ్డంగా ఒక గీత గీయాలి. దీన్ని టై లైన్ అంటారు. ఎడమ కొస ఆల్ఫా హద్దును 18.3 దగ్గర, కుడి కొస ద్రవం హద్దును 61.9 దగ్గర తాకుతుంది. ఆ రెండు ఫేజ్‌ల కూర్పులు అవే. ఇక ఎంతెంత అన్నది కావడి లెక్క. మన 40 భుజం అనుకోండి. బరువు ఎక్కువున్న వైపు బద్ద పొట్టిగా ఉండాలి. అందుకే ఒక ఫేజ్ వాటా కావాలంటే దాని ఎదుటివైపు పొడవును మొత్తం పొడవుతో భాగిస్తాం.

ద్రవం వాటా = (40 − 18.3) ÷ (61.9 − 18.3) = 0.498

అంటే దాదాపు సగం ద్రవం, సగం ఆల్ఫా.

183 దగ్గర ఆ మిగిలిన ద్రవమంతా ఒకేసారి ఆల్ఫా, బీటాల సన్నని పొరలుగా విడిపోతుంది. ఇదే యూటెక్టిక్ చర్య. అది పూర్తయ్యేదాకా మూడు ఫేజ్‌లు కలిసి ఉంటాయి, థర్మామీటర్ కదలదు. కాబట్టి సరిగ్గా 183 మీద కావడి లెక్క చెల్లదు. ఉక్కులో 727 డిగ్రీల దగ్గర దీనికి చుట్టం లాంటి యూటెక్టాయిడ్ చర్య జరుగుతుంది. అక్కడ విడిపోయేది ద్రవం కాదు, ఘనమే. ద్రవం, ఒక ఘనం కలిసి ఇంకో ఘనమయ్యేది పెరిటెక్టిక్.

183కు ఒక్క వెంట్రుక కింద టై లైన్ కొసలు మారతాయి: 18.3, 97.8. అక్కడ

ఆల్ఫా మొత్తం = (97.8 − 40) ÷ (97.8 − 18.3) = 0.727

బీటా 0.273. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. ముందే గడ్డకట్టిన ఆల్ఫా 0.502 మాత్రమే, తక్కిన 0.225 పొరల్లో ఉన్నది. ‘ఎంత ఆల్ఫా ఉంది?’ అన్నా, ‘ముందు పుట్టిన ఆల్ఫా ఎంత?’ అన్నా ఒకే జవాబు రాసేవాళ్లు చాలామంది.

ఈ పటం నిదానంగా చల్లార్చినప్పటి మాట. గబుక్కున చల్లారిస్తే రేణువు నడుమ ఒక కూర్పు, అంచున ఇంకో కూర్పు ఉంటాయి. పటం ఆ సంగతి చెప్పదు, పొరల మందం కూడా చెప్పదు. అడ్డగీత బరువు శాతమో, పరమాణు శాతమో కూడా చూసుకోవాలి. బరువు లెక్కన 61.9 ఉన్న తగరం పరమాణువుల లెక్కన 73.9 అవుతుంది.

చివరగా లెక్కను సరిచూసుకునే పద్ధతి. వాటాలు కూడితే ఒకటి వచ్చిందని తృప్తిపడకండి. బద్దలు తారుమారు చేసినా ఒకటే వస్తుంది. వాటాల్ని వాటి కూర్పులతో గుణించి కూడండి. 0.727 × 18.3 + 0.273 × 97.8 అంటే 40, మనం మొదలుపెట్టిన తగరమే. తారుమారు చేసి ఉంటే 76 వచ్చేది.