‘కింద కూర్చుంటే లేవలేనండీ’

యోగా స్టూడియో ప్రకటన వినగానే అరవై దాటిన మనిషి మనసులో ఏం మెదులుతుందో ప్రకటన రాసేవాళ్లు సాధారణంగా అడగరు. ఆరోగ్యం గురించి ఆలోచిస్తారనుకుంటారు. నిజానికి ఆ వయసువాళ్లకు వచ్చే మొదటి ఆలోచన చాలా చిన్నది. నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాక లేవాలి. లేవలేకపోతే పదిమందిలో ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టి లేపాలి. ఆ దృశ్యం ఒక్కసారి కళ్లముందు కదిలిందంటే ప్రకటనలో మిగతాది ఎంత బాగున్నా చెవికెక్కదు.

కాకినాడలో ఒక చిన్న స్టూడియో ఉందనుకుందాం. తెల్లవారుజామున కుర్రకారుతో నిండిపోతుంది, పది దాటాక హాలు ఖాళీ. ఆ వేళకు కొత్తవాళ్ల కోసం, ముఖ్యంగా పెద్దవయసువాళ్ల కోసం, ఒక బ్యాచ్ పెట్టారు. ఎఫ్ఎం రేడియోలో 30 సెకన్ల ప్రకటన వేద్దామన్నారు. ఇలాంటి సందర్భంలో మొదటి ప్రతి దాదాపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది. వెనక వేణువు, ముందు గంభీరమైన మగ గొంతు:

“వయసు ఒక అంకె మాత్రమే! లావుగా ఉన్నారా? మోకాళ్ల నొప్పులా? అరవై దాటేశాయా? దిగులు పడకండి! నిపుణుల పర్యవేక్షణలో మీ బీపీకి, షుగర్‌కి శాశ్వత పరిష్కారం. ముప్పై రోజుల్లో సరికొత్త మీరు!”

ధైర్యం చెప్పాలన్న ఉద్దేశంతోనే రాసినా, ఇది చేసే పని అందుకు సరిగ్గా వ్యతిరేకం. వినేవాళ్లను లావు, నొప్పి, వయసు అని మూడుసార్లు పొడిచి, ఆ తర్వాత దిగులు పడొద్దంటోంది. వయసు అంకె మాత్రమే అన్న మాట ముప్పై ఏళ్లవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. రాత్రి రెండుసార్లు లేచి, గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్లేవాళ్లకు అది అంకె కాదని బాగా తెలుసు.

రెండో చిక్కు చట్టంతో. మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం లాంటివి నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. యోగా మందు కాదు కదా అని తప్పుకుందామన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన ఏ సేవకు ఇచ్చినా మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ‘శాశ్వత పరిష్కారం’ అన్న రెండు మాటలకు రుజువు చూపించమంటే ఆ స్టూడియో దగ్గర ఏమీ ఉండదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ మాట నమ్మి ఎవరైనా బీపీ మాత్ర మానేస్తే ఏమవుతుందో రాసేవాళ్లు ఆలోచించాలి.

మరి ఏం చెప్పాలి? ఇక్కడ నా అభిప్రాయం మొండిగానే ఉంటుంది. భరోసా విశేషణాల్లో ఉండదు, ఏర్పాట్లలో ఉంటుంది. ‘సులభమైన’, ‘సురక్షితమైన’, ‘ఆత్మీయ వాతావరణం’ అన్నవి ఎవరైనా అనగలిగే మాటలే. ‘కుర్చీలో కూర్చోబెట్టి చేయిస్తారు’ అనాలంటే మాత్రం హాల్లో కుర్చీలుండాలి. అందుకని స్క్రిప్టు రాసేవాళ్లు కలం తీయడానికి ముందు వెళ్లి హాలు చూడాలి.

అక్కడ అడగాల్సినవి కొన్నే. హాలు ఏ అంతస్తులో ఉంది? మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది యోగా కంటే ముందు వచ్చే ప్రశ్న. కుర్చీలు ఎలాంటివి? తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గచ్చు మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటాయి. చక్రాల కుర్చీ అసలు పనికిరాదు. గట్టి ఇనప కుర్చీని మ్యాట్ మీద గోడకు ఆనించి వేయాలి. కుర్చీ యోగా కదా, అది అసలు యోగాయేనా అని ముఖం చిట్లించే శిక్షకులూ ఉంటారు. కుర్చీ, చెక్క దిమ్మ, బెల్టు, తాళ్లు ఆసనాల్లోకి తెచ్చి పేరుపొందినవారు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో బెళ్లూరులో పుట్టిన ఆయన చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో బక్కచిక్కి ఉండేవారు. శరీరం సహకరించనివాళ్ల బాధ ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

వేళ సంగతి కూడా తేల్చుకోవాలి. యోగా పరగడుపున చేయాలంటారు. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఏమీ తినకుండా వ్యాయామానికి వస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు పట్టొచ్చు. ఎనిమిదింటికి తేలిగ్గా టిఫిన్ చేసి పదిన్నరకు వస్తే రెండు చిక్కులూ ఉండవు. ఇంటి పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లకూ ఆ వేళే కుదురుతుంది. హాలు ఖాళీగా ఉందని పెట్టిన సమయం ఇలా ప్రకటనకు బలమైన వాక్యమైంది.

ఇక కొలత. పెద్దవాళ్లకు అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడితే 30 సెకన్లలో 60 తెలుగు మాటలకు మించి పట్టవు. అందులో ఒక భయానికే చోటుంటుంది. నలుగురిలో నవ్వులపాలవుతామేమో, చీరతో ఎలా, మధ్యలో మానేస్తే డబ్బు పోతుందేమో లాంటివన్నీ నిజమైన భయాలే. అన్నిటికీ ఒకేసారి సమాధానం చెబితే జాబితా అవుతుంది, ఎవరికీ గుర్తుండదు. కింద కూర్చుని లేవడం ఒక్కటీ తీసుకుని, మిగతావి వీలైతే ఒకటో రెండో పక్కనుంచి తగిలిస్తే చాలు.

ఎవరు మాట్లాడాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం. కోడలు అత్తగారికి చెబితే ఇంట్లో రోజూ వినే సలహా అవుతుంది. డాక్టరు చెబితే హెచ్చరిక. పక్కింటావిడ చెబితే కబురు. అందుకే రెండో ప్రతిలో ఇద్దరూ ఒక ఈడు ఆడవాళ్లు, వీధిగుమ్మం దగ్గర:

(గేటు తీసిన చప్పుడు)
మొదటామె: ఏంటి వదినగారూ, ఈ ఎండలో ఎక్కడికి?
రెండో ఆమె: యోగాకండీ.
మొదటామె: కింద కూర్చుంటే లేవలేనంటారుగా!
రెండో ఆమె: ఇప్పటికీ లేవలేను. కుర్చీలో కూర్చోబెట్టే చేయిస్తున్నారు.
మొదటామె: కుర్రాళ్ల మధ్యనా?
రెండో ఆమె: అందరం మన ఈడువాళ్లమే. పన్నెండు మందిమి.
మొదటామె: నాకు బీపీ ఉందిగా, రానిస్తారా?
రెండో ఆమె: ముందే అడిగి రాసుకుంటారు. గుండె ఆపరేషనైన మా మరిదిని మాత్రం డాక్టరుగారి చీటీ తెమ్మన్నారు.
వ్యాఖ్యాత: (స్టూడియో పేరు). కొత్తవారి బ్యాచ్. సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం పదిన్నర. సినిమా రోడ్డు, కింది అంతస్తే, మెట్లెక్కక్కర్లేదు. ముందొకరోజు వచ్చి ఊరికే చూసి వెళ్లండి.

ఇందులో పనిచేసే మాట ‘ఇప్పటికీ లేవలేను’ అన్నది. మామూలు ప్రకటనలో ఆమె ఈపాటికి చెంగున లేచి ఉండేది. వినేవాళ్లు వెంటనే అనుమానించేవాళ్లు. ఆమె ఇంకా లేవలేకపోతోంది, అయినా వెళ్తోంది. అలాంటప్పుడు నేనూ వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. స్టూడియో యజమాని ఈ వాక్యం తీసేయమని పట్టుబట్టే అవకాశం ఎక్కువ. డబ్బిచ్చి మా దగ్గర గుణం లేదని చెప్పించుకోవాలా అంటారు. ఎంత బతిమాలైనా సరే, ఈ వాక్యాన్ని నిలబెట్టుకోవాలి.

మరిది సంగతి చూడండి. ఒకర్ని వెనక్కి పంపారని చెప్పడం వ్యాపారానికి దెబ్బలా కనిపిస్తుంది. కానీ అందర్నీ చేర్చుకునేవాళ్లు ఎవర్నీ పట్టించుకోరని పెద్దవాళ్లకు అనుభవం మీద తెలుసు. పైగా ఇది నిజంగా కావలసిన జాగ్రత్త. చేరేటప్పుడు నింపే కాగితంలో బీపీ, షుగర్, గుండె జబ్బు, కీళ్ల మార్పిడి, తల తిరగడం, కంటిలో నీటికాసులు ఉన్నాయేమో అడగాలి. అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లతో, నీటికాసులున్నవాళ్లతో తల కిందికి వాలే ఆసనాలు వేయించకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లతో నడుము బాగా ముందుకు వంచించకూడదు. ఇవన్నీ ప్రకటన చివర గడగడా చదివేసే హెచ్చరికగా పెడితే వినేవాళ్లకు మ్యూచువల్ ఫండ్ గుర్తొస్తుంది. సంభాషణలో ఒక మరిది ద్వారా వస్తే గుర్తుంటుంది.

‘చూసి వెళ్లండి’ అన్న పిలుపు ‘మొదటి క్లాసు ఉచితం’ కంటే మేలు. ఉచితమైనా క్లాసంటే చేయాల్సిందే. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ బాధ లేదు. వాళ్లు చూసేదేమిటో కూడా స్టూడియో ముందే తేల్చుకోవాలి. కుర్చీలో నిటారుగా కూర్చుని చేతులు పైకి ఎత్తడం, కూర్చునే నడుమును పిల్లిలా ముందుకూ వెనక్కీ వంచడం, కుర్చీ వీపు పట్టుకుని తాడాసనం, చివర కుర్చీలోనే కళ్లు మూసుకుని విశ్రాంతి. శ్వాస బిగబట్టకుండా, పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత వరకే. కండ లాగినట్టుంటే ఫరవాలేదు, కీలులో పోటు వస్తే ఆపేయాలి. ఆ రోజు హాల్లో ఎవరో కుర్రాడు శీర్షాసనం వేస్తూ కనిపించాడా, రేడియోకు పెట్టిన డబ్బు వృథానే.

ఫోన్ నంబరు లేదేమని అడగొచ్చు. పది అంకెలు చదవడానికి అయిదు సెకన్లు పోతాయి. వంటింట్లో చేతులు తడిగా ఉన్నవాళ్లు వాటిని రాసుకోలేరు. రోడ్డు పేరు మాత్రం ఊళ్లోవాళ్లకు చెవిన పడితే చాలు. నంబరు సంగతి గోడ పోస్టరు, వాట్సాప్ చూసుకుంటాయి.

రికార్డు చేయించే ముందు ఆ వయసువాళ్లు నలుగురికి చదివి వినిపించాలి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, మన మర్యాద అలాంటిది. వాళ్లు దాని తర్వాత ఏమంటారో వినాలి. ‘మా అక్కయ్యకు చెబుతానండీ, ఆవిడకు పనికొస్తుంది’ అన్నారంటే స్క్రిప్టు తప్పింది, తమ గురించి కాదనుకున్నారు. ‘ఆ కుర్చీకి చేతులుంటాయా?’ అని అడిగారంటే, మనసులో అప్పటికే వెళ్లి కూర్చున్నారన్నమాట.

ఈ ప్రకటన మగవాళ్లను కదిలిస్తుందని నేననుకోను. రిటైరైన మగవాళ్లకు వేరే బెరుకుంటుంది. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న హాల్లో తమకు చేతకాకపోవడం వాళ్లకు నామోషీ. వాళ్లకు పార్కు బెంచీ మీద ఇద్దరు మిత్రులతో ఇంకో స్పాట్ రాయాలి, వీలైతే బ్యాచ్ కూడా వేరుగా పెట్టాలి.

ప్రకటన మొదలయ్యాక రిసెప్షన్‌లో ఒక నోటుపుస్తకం పెట్టి, వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న రాసిపెట్టమనాలి. వారం తర్వాత కూడా ‘కింద కూర్చోవాలాండీ?’ అనే ఎక్కువమంది అడుగుతుంటే ఆ వాక్యం గాల్లో కలిసిపోయినట్టే, ఇంకా ముందుకు తేవాలి. ‘చుడీదార్ తప్పనిసరా?’ అన్నది మొదటి ప్రశ్నగా మారితే రెండో స్పాట్‌కు విషయం దొరికినట్టు. పన్నెండు కుర్చీలూ నిండిన రోజున మాత్రం స్పాట్ ఆపేయమని రేడియోవాళ్లకు చెప్పాలి, లేదా ఇంకో బ్యాచ్ తెరవాలి. పదమూడో ఆమెను ఈ ఒక్కరోజుకు మ్యాట్ మీద సర్దుకోమంటే, ఆమె ఇంటికెళ్లి చెప్పే కబురు వీధంతా తిరుగుతుంది.