అదే డబ్బు, యజమాని చేతి మీదుగా

పింఛను కోసం ఏటా కొంత దాచుకోవాలనుకునే ఉద్యోగికి రెండు దారులున్నాయి. జీతం బ్యాంకులో పడ్డాక తనే జాతీయ పింఛను పథకంలో, అంటే ఎన్‌పీఎస్‌లో, కట్టుకోవచ్చు. లేదంటే ఆ డబ్బు తన చేతికి రాకముందే కంపెనీ చేత కట్టించుకోవచ్చు. ఎలా కట్టినా డబ్బు చేరేది ఒకే ఖాతాకు, అదే ప్రాన్ నంబరుకు. కానీ కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి మొదటి దారిలో ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గదు. రెండో దారిలో తగ్గుతుంది.

పాత విధానంలో సొంతంగా కట్టే డబ్బుకూ మినహాయింపు ఉంది. పీఎఫ్, బీమా ప్రీమియం లాంటి వాటితో కలిపి లక్షన్నర, దానిపైన ఎన్‌పీఎస్‌కు ప్రత్యేకంగా మరో 50,000. కొత్త విధానం ఈ రెండింటినీ తీసేసింది. ఉంచిన కొద్ది మినహాయింపుల్లో 80సీసీడీ(2) ఒకటి. ఉద్యోగి తరఫున యజమాని ఎన్‌పీఎస్‌లో జమ చేసే మొత్తానికి ఇది వర్తిస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు దీని పరిమితి 10 శాతంగా ఉండేది. 2024 జులై బడ్జెట్‌లో కొత్త విధానంలోని వారికి దాన్ని 14 శాతం చేశారు. పాత విధానంలో ఉన్న ప్రైవేటు ఉద్యోగికి ఇప్పటికీ 10 శాతమే. ఈ శాతాన్ని మొత్తం జీతం మీద లెక్కించరు. బేసిక్, డీఏ ఉంటే డీఏ, అంతవరకే. ఇంటి అద్దె అలవెన్సు, స్పెషల్ అలవెన్సు ఈ లెక్కలోకి రావు. (2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కాబట్టి పాత నంబర్లే వాడుతున్నాను.)

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఉద్యోగిని తీసుకుందాం. పీఎఫ్‌లో కంపెనీ వాటా కాకుండా ఆమె ఏడాది జీతం 13,70,000. అందులో బేసిక్ నెలకు 57,000, ఏడాదికి 6,84,000. ఎన్‌పీఎస్ ఊసే లేకపోతే, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను పన్ను లెక్కించాల్సిన ఆదాయం 12,95,000. దానిమీద కొత్త విధానపు శ్లాబుల ప్రకారం పన్ను 74,250, సెస్సుతో కలిపి 77,220.

ఇప్పుడు ఆమె హెచ్‌ఆర్ వారిని అడిగి, స్పెషల్ అలవెన్సులో నుంచి నెలకు 7,980 రూపాయలు తగ్గించి ఎన్‌పీఎస్‌కు మళ్లించమంది. అది బేసిక్‌లో సరిగ్గా 14 శాతం. ఏడాదికి 95,760 అవుతుంది. బేసిక్ మారలేదు కాబట్టి పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు అలాగే ఉంటాయి. పన్ను లెక్కించాల్సిన ఆదాయం మాత్రం 11,99,240కి దిగింది. కొత్త విధానంలో ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను ఉండదు. అంటే 77,220 మొత్తం మిగిలింది. పింఛను ఖాతాలో 95,760 చేరినా, చేతికొచ్చే జీతం ఏడాదికి తగ్గింది 18,540 మాత్రమే. అదే 95,760ని ఆమె స్వయంగా కట్టి ఉంటే పన్ను 77,220 యథాతథంగా ఉండేది.

ఇంత పెద్ద లాభం అందరికీ రాదు. ఆమె 12 లక్షల గీతకు కాస్త పైన ఉండి, ఈ మినహాయింపుతో గీత కిందికి వచ్చింది కాబట్టే అంత మిగిలింది. జీతం 20 లక్షలు, బేసిక్ 10 లక్షలు ఉన్నవారికి మినహాయింపు 1,40,000 దొరుకుతుంది, తగ్గే పన్ను మాత్రం సెస్సుతో కలిపి 29,120. అదీ మంచి మొత్తమే. ఇక జీతం 12,75,000 లోపు ఉన్నవారికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను లేదు, దీనివల్ల తగ్గేదేమీ లేదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు ‘ట్యాక్స్ సేవింగ్’ అన్న మాట విని ఈ ఆప్షన్ ఎంచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్లకు తగ్గడానికి పన్నే లేదు, తగ్గేది నెలనెలా చేతికొచ్చే డబ్బు. పింఛను కావాలని ఎంచుకుంటే అది వేరే సంగతి.

లెక్క కాగితం మీద ఎలా కనిపించాలో తెలిసి ఉండాలి, ఎందుకంటే పొరపాట్లు జరిగేది అక్కడే. యజమాని కట్టిన డబ్బును చట్టం ముందు ఉద్యోగి జీతంగానే చూస్తుంది. ఆ తర్వాత మినహాయింపుగా తీసేస్తుంది. కాబట్టి పై ఉదాహరణలోని ఉద్యోగిని ఫారం 16లో స్థూల జీతం 13,70,000గానే ఉండాలి, కింద మినహాయింపుల దగ్గర 80సీసీడీ(2) ఎదురుగా 95,760 ఉండాలి. స్థూల జీతంలో కలపకుండా కింద మాత్రం తీసేస్తే ఒకే డబ్బును రెండుసార్లు తగ్గించినట్టు, ఆ తేడా బయటపడిన రోజు బాకీ ఉద్యోగి మీదే పడుతుంది. పైన కలిపి కింద తీయకపోతే అనవసరంగా పన్ను కట్టినట్టు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సీపీఎస్‌లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులకూ ఇదే సూత్రం. జీతం బిల్లులో కనబడని ప్రభుత్వ వాటాను ముందు ఆదాయంలో కలిపి, తర్వాతే తీసేయాలి.

మరో పొరపాటు రిటర్ను వేసేటప్పుడు జరుగుతుంది. సొంతంగా ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును కొందరు 80సీసీడీ(2) గడిలో రాస్తారు. అది చెల్లదు. ఎన్‌పీఎస్ స్టేట్‌మెంట్ తెరిస్తే ఉద్యోగి వాటా, యజమాని వాటా వేర్వేరుగా కనిపిస్తాయి. యజమాని వాటా దగ్గర సున్నా ఉంటే ఈ మినహాయింపు అడగడానికి లేదు. ఇప్పటికే సొంతంగా ప్రాన్ తీసుకున్నవారు కొత్తది తీసుకోనక్కర్లేదు, తీసుకోకూడదు కూడా. ఉన్నదాన్నే కంపెనీ పేరు కిందికి మార్పించుకోవాలి. ఉద్యోగం మారితే మళ్లీ ఆ పని చేయాలి. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ మూడింటిలో కలిపి యజమాని ఏడాదిలో వేసేది ఏడున్నర లక్షలు దాటితే, దాటిన మేరకు పన్ను పడుతుంది. బేసిక్ 28 లక్షలు దాటినవారు తప్ప మిగతావారు సాధారణంగా దీని గురించి ఆలోచించనవసరం లేదు.

అయితే ఈ డబ్బు పొదుపు ఖాతాలో ఉన్నట్టు అవసరానికి అందదు. పిల్లల పెళ్లి, చదువు, ఇల్లు, జబ్బు లాంటి అవసరాలకు మధ్యలో కొంత తీసుకోనిస్తారు గానీ, అది ఉద్యోగి సొంతంగా కట్టినదాంట్లో 25 శాతం వరకే. యజమాని వాటాగా వెళ్లినదాన్ని ఆ లెక్కలో కలపరు. అంటే పన్ను తగ్గించిన దారే అత్యవసరంలో చేతికందే డబ్బునూ తగ్గిస్తోంది. చివర్లో కొంత భాగంతో తప్పనిసరిగా యాన్యుటీ కొనాలి, దానిమీద వచ్చే పింఛనుకు ఆ ఏటి ఆదాయంగా పన్ను ఉంటుంది. ఇంటి అప్పు, పిల్లల ఫీజులతో సతమతమయ్యే ఇంట్లో 14 శాతం పూర్తిగా మళ్లించే ముందు ఈ విషయాలు చూసుకోవాలి. కంపెనీ ఒప్పుకుంటే 14 కంటే తక్కువ శాతం కూడా పెట్టుకోవచ్చు.

అసలు ఇదంతా కంపెనీ ఎన్‌పీఎస్‌లో నమోదై ఉంటేనే. చాలా చిన్న సంస్థలు నమోదు కాలేదు, అక్కడి ఉద్యోగికి చట్టం ఇచ్చిన సౌకర్యం ఉన్నా లేనట్టే. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. నమోదైన కంపెనీలు కూడా చాలావరకు ఏడాది మొదట్లోనో, ఉద్యోగంలో చేరేటప్పుడో మాత్రమే ఈ ఆప్షన్ అడుగుతాయి. జులైలో రిటర్ను వేసేటప్పుడు పాత విధానమా, కొత్త విధానమా అన్నది ఉద్యోగి మార్చుకోవచ్చు గానీ, మార్చి 31 లోపు కంపెనీ కట్టని డబ్బును అప్పుడు కట్టినట్టు చూపడానికి వీల్లేదు.