అడిగిందొకటి, చెప్పిందొకటి: బ్యాంకు రెడీమేడ్ జవాబుకు బదులు రాయడం ఎలా?

ఏటీఎంలో పదివేలు నొక్కితే మిషన్ లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వినిపిస్తుంది, కానీ నోట్లు బయటికి రావు. ఫోన్‌కు మాత్రం పదివేలు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. బ్యాంకుకు ఫిర్యాదు పెడితే వారం తర్వాత ఈ మెయిల్ వస్తుంది: ‘ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా రికార్డుల ప్రకారం ఈ లావాదేవీ విజయవంతంగా పూర్తయింది. మీ ఫిర్యాదును ముగిస్తున్నాం.’

మీరు రాసిన సమయం, ఏటీఎం నంబరు, అడిగిన ప్రశ్నలు ఇందులో ఎక్కడా కనిపించవు. పేరు, తేదీ తీసేస్తే ఇదే జవాబును ఎవరికైనా పంపవచ్చు. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. మరికొందరు కోపంతో రెండు పేజీలు రాస్తారు. దానికీ అదే జవాబు తిరిగొస్తుంది. ఈ రెండు దారుల్లోనూ నష్టపోయేది ఖాతాదారే. ఇలాంటి జవాబుకు బదులు రాయడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియాలంటే ముందు ఆ జవాబు ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

‘విజయవంతం’ అంటే ఏమిటి?

ఫిర్యాదు మొదట చూసే ఉద్యోగి ముందు కంప్యూటర్ తెర మీద సాధారణంగా కనిపించేది లావాదేవీ స్థితి ఒక్కటే. ఖాతాలో డబ్బు తగ్గింది, ఏటీఎం నుంచి తిరస్కరణ సందేశం రాలేదు, కాబట్టి ‘విజయవంతం’. ఆ రకం ఫిర్యాదుకు ముందే రాసిపెట్టిన జవాబు ఉంటుంది. దాన్ని ఎంచుకుని పంపేస్తారు. మీరు రాసిన ఉత్తరం చివరిదాకా ఎవరూ చదవకపోయినా ఆ పని జరిగిపోతుంది.

అయితే ఖాతాలో డబ్బు తగ్గడం ఒక విషయం, నోట్లు చేతికి రావడం మరో విషయం. మొదటిదాని మీద మీకూ బ్యాంకుకూ తగాదా లేదు. రెండోది తేల్చే ఆధారాలు వేరే చోట ఉంటాయి. ఏటీఎం తన లోపల జరిగిన ప్రతి పనినీ వరుసగా రాసిపెట్టుకుంటుంది. దాన్ని ఎలక్ట్రానిక్ జర్నల్ అంటారు, బ్యాంకులో వాడుక మాట ‘ఈజే లాగ్’. ఎన్ని నోట్లు బయటికి నెట్టింది, మధ్యలో లోపం ఏదైనా వచ్చిందా అన్నది అందులో ఉంటుంది. రెండోది నగదు లెక్క. మిషన్‌లో పెట్టిన డబ్బు, ఇచ్చిన డబ్బు, మిగిలిన డబ్బు సరిచూసినప్పుడు మీ పదివేలు లోపలే ఉండిపోతే ఆ లెక్కలో మిగులు తేలాలి. మూడోది సీసీటీవీ దృశ్యం.

కాబట్టి ‘విజయవంతం’ అన్న జవాబు వస్తే, ఈ మూడింటిలో ఏది చూసి ఆ మాట అన్నారని అడగాలి. మీ బదులు ఉత్తరానికి ఇదే వెన్నెముక.

నిబంధన ఏం చెబుతోంది?

విఫలమైన లావాదేవీల మీద రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏటీఎంలో డబ్బు కట్ అయ్యి నోట్లు రాకపోతే లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా ఆ మొత్తం ఖాతాకు తిరిగి వేయాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది క్యాలెండర్ రోజుల లెక్క, సెలవులు మినహాయింపు కాదు. ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా ఈ పరిహారం బ్యాంకే తనంతట తాను జమ చేయాలి.

‘లావాదేవీ విజయవంతం’ అన్న ఒక్క ముక్కతో ఈ బాధ్యత అంతా పక్కకు పోతుంది. విఫలమే కాలేదన్న తర్వాత గడువూ లేదు, పరిహారమూ లేదు. అందుకే ఆ ముక్కను ఆధారం లేకుండా నిలబడనివ్వకూడదు.

రెండో నిబంధన గురించి చాలామందికి తెలియదు. పెద్ద బ్యాంకుల్లో ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉంటారు. ఏటీఎం డబ్బులు రాలేదన్న ఇలాంటి ఫిర్యాదును పూర్తిగా గానీ కొంతమేర గానీ తిరస్కరించాలనుకుంటే, ఆ మాట ఖాతాదారుకు చెప్పకముందే బ్యాంకు దాన్ని ఆ అధికారి పరిశీలనకు పంపాలి. మనం ఆయనకు నేరుగా రాయలేం. కానీ ‘నా ఫిర్యాదును ఆయన చూశారా?’ అని బ్యాంకును అడగవచ్చు. చూడకుండా తిరస్కరించి ఉంటే ఆ ప్రశ్నతో ఫైలు మళ్లీ కదిలే అవకాశం ఉంది.

ఒక ఉత్తరం, దగ్గరగా

ఒక రిటైర్డ్ మాస్టారి ఉదాహరణ తీసుకుందాం. మార్చి 3 సాయంత్రం 6.40కి వేరే బ్యాంకు ఏటీఎంలో ఆయనకు పదివేలు రాలేదు. వెంటనే ఆ మిషన్ పనిచేయడం ఆగిపోయింది. మార్చి 4న తన సొంత బ్యాంకుకు ఫిర్యాదు పెట్టారు. ఏటీఎం ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. ఏటీఎం ఉన్న బ్యాంకుతో మాట్లాడుకోవాల్సింది వాళ్లే. మార్చి 11న పైన చెప్పిన రెడీమేడ్ జవాబు వచ్చింది. మర్నాడు ఆయన అదే మెయిల్‌కు, అదే ఫిర్యాదు నంబరుతో ఇలా బదులు రాశారనుకుందాం:

‘మేనేజరు గారికి, మార్చి 11 నాటి మీ జవాబులో లావాదేవీ విజయవంతమైందని రాశారు. నా ఖాతాలో డబ్బు తగ్గిందన్నది నేనూ ఒప్పుకుంటున్నాను. నా ఫిర్యాదు నోట్లు బయటికి రాలేదని. దానికి మీ జవాబులో సమాధానం లేదు. దయచేసి ఈ నాలుగింటికి విడివిడిగా జవాబివ్వండి.

1. ఆ సమయంలో ఆ ఏటీఎం ఈజే లాగ్‌లో నా లావాదేవీకి నోట్లు ఇచ్చినట్టు నమోదైందా, లోపం నమోదైందా? ఆ భాగం కాపీ పంపగలరు.
2. మార్చి 3 తర్వాత ఆ ఏటీఎం నగదు లెక్క ఏ తేదీన చూశారు? మిగులు తేలిందా?
3. మార్చి 3 సాయంత్రం 6.35 నుంచి 6.50 వరకు సీసీటీవీ దృశ్యం చూశారా? చూడకపోతే అది చెరిగిపోకుండా భద్రపరచమని ఆ బ్యాంకును కోరగలరు.
4. నా ఫిర్యాదును తిరస్కరించే ముందు ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ పరిశీలించారా?

నేను కోరేది: 10,000 రూపాయలు, మార్చి 8 తర్వాత జమ చేసే రోజు వరకు రోజుకు 100 రూపాయల పరిహారం. మొదటి ఫిర్యాదు, డెబిట్ మెసేజ్ కాపీలు జత చేశాను.’

ఈ ఉత్తరంలో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. మొదట బ్యాంకు అన్న మాటను వాళ్ల మాటల్లోనే ఎత్తిచూపి, ఒప్పుకునేదేదో, ఒప్పుకోనిదేదో వేరు చేశారు. దాంతో ‘డబ్బు కట్ అయినట్టు మా దగ్గర రికార్డు ఉంది’ అని మళ్లీ రాయడానికి వీల్లేకుండా పోయింది. తర్వాతి ప్రశ్నలు అంకెలు వేసి, ఒక్కో అంకె కింద ఒక్క విషయమే అడిగారు. పేరా మధ్యలో దాక్కున్న ప్రశ్నను దాటేయడం తేలిక. అంకె వేసిన ప్రశ్నను వదిలేస్తే ఆ ఖాళీ ఎవరు చూసినా కనిపిస్తుంది.

సీసీటీవీ గురించి త్వరగా అడగడానికి కారణముంది. ఆ దృశ్యాలను ఎల్లకాలం ఉంచరు, కొంతకాలానికి వాటి మీద కొత్తవి రికార్డవుతాయి. మీరు భద్రపరచమని రాతపూర్వకంగా అడిగిన తర్వాత చెరిగిపోతే, ఆ సంగతి మీ తరఫున మాట్లాడుతుంది.

పరిహారం లెక్క కూడా తేదీలతో ఉంటేనే బలం. మార్చి 3 కాక 5 రోజులు అంటే మార్చి 8. మాస్టారి డబ్బు మార్చి 24న జమ అయితే గడువు దాటింది 16 రోజులు, రావలసింది 1,600 రూపాయలు. చాలాసార్లు అసలు వేసి పరిహారం మరిచిపోతారు. అప్పుడు అదే నంబరు మీద ఈ లెక్క ఒక్కటే రాస్తే సరిపోతుంది.

పొరపాట్లు జరిగే చోట్లు

అందరికంటే ఎక్కువగా చేసే పొరపాటు కొత్త ఫిర్యాదు పెట్టడం. పాత నంబరు ‘ముగిసింది’ అని కనిపించగానే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. కొత్త నంబరు కింద చూసే ఉద్యోగికి పాత ప్రశ్నలు కనిపించకపోవచ్చు, మళ్లీ అదే రెడీమేడ్ జవాబు వస్తుంది. గడువు లెక్కకు మీ దగ్గరుండే బలమైన ఆధారం మొదటి ఫిర్యాదు నంబరే. మెయిల్‌కు బదులివ్వడానికి వీల్లేని చిరునామా నుంచి జవాబు వస్తే, పాత నంబరు రాసిన కాగితాన్ని శాఖలో ఇచ్చి, మన దగ్గరుండే కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి.

రెండోది, కొత్త కోపాలు కలపడం. కౌంటర్లో సరిగా మాట్లాడలేదు, మెసేజ్ చార్జీలు ఎక్కువ అంటూ చేరిస్తే జవాబిచ్చేవాళ్లు వాటిలో తేలికైనదానికి జవాబు రాసి ఊరుకుంటారు. ఫిర్యాదుకు కార్డు చివరి నాలుగు అంకెలు చాలు. పిన్, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వకూడదు.

అప్పటికీ అదే జవాబు వస్తే

రెండోసారీ అదే వాక్యం వస్తే మూడోసారి అదే డెస్కుకు రాయడం దండగ. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పైస్థాయి అధికారుల వివరాలు ఉంటాయి. నోడల్ అధికారికి మొత్తం మెయిళ్ల వరుసను పంపి, నాలుగు ప్రశ్నల్లో ఏవి ఖాళీగా ఉన్నాయో రెండు వాక్యాల్లో చెప్పండి.

బ్యాంకు ఫిర్యాదును తిరస్కరించినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, 30 రోజుల్లో జవాబే రాకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ సహాయం దొరుకుతుంది. ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా నేరుగా వెళ్తే మాత్రం తీసుకోరు. అలాగని బ్యాంకు జవాబు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఊరుకోకూడదు, అక్కడికి వెళ్లడానికీ కాలపరిమితి ఉంది.

అంబుడ్స్‌మన్‌కు పంపేటప్పుడు మాస్టారికి కొత్తగా రాయాల్సింది పెద్దగా ఉండదు. మొదటి ఫిర్యాదు, రెడీమేడ్ జవాబు, నాలుగు ప్రశ్నల ఉత్తరం, దానికి వచ్చిన రెండో జవాబు వరుసగా పెడితే చాలు. ఏమి అడిగారో, దేనికి జవాబు రాలేదో ఆ కాగితాల్లోనే తెలుస్తుంది.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. బ్యాంకు నాలుగు ప్రశ్నలకూ జవాబిచ్చి, ఈజే లాగ్ కాపీలో నోట్లు బయటికి వచ్చినట్టు చూపించి, నగదు లెక్కలో మిగులు లేదని తేదీతో రాస్తే అది రెడీమేడ్ జవాబు కాదు. అది మనకు నచ్చని జవాబు. అప్పుడు సీసీటీవీలో వేరేగా కనిపిస్తే తప్ప మన వాదన బలహీనమే. పోరాడాలా వద్దా అన్నది ఆ ఆధారాలు చూశాకే తేల్చుకోవాలి. వాటిని చూపించమని అడిగే హక్కు మాత్రం పదివేలు పోయిన ప్రతి ఖాతాదారుకూ ఉంది. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యం ఆ హక్కుకు బదులు కాదు.