డీలర్ డిస్కౌంటా, పండగ ఆఫరా?

విజయవాడలో ఒక ఫ్యాన్ల హోల్‌సేల్ వ్యాపారి ఉన్నారనుకుందాం. డీలర్లకు ఏడాది పొడవునా ఫ్యాన్లన్నిటి మీదా 10 శాతం తగ్గిస్తారు. సంక్రాంతికి ఒక్క మోడల్ మీద మాత్రం అందరికీ 15 శాతం ఆఫర్ పెట్టారు. పండగ వారంలో ఓ డీలరే వచ్చి ఆ మోడలే అడిగితే బిల్లు ఎంతకు కొట్టాలి? గల్లా దగ్గర యజమాని ఉంటే అప్పటికప్పుడు తేల్చేస్తారు. బిల్లు కొట్టేది ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ అయితే, ఆ తీర్పు ముందే అందులో రాసిపెట్టి ఉండాలి.

మన దేశంలో తయారైన ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇదెలా జరుగుతుందో చూద్దాం. మొదట ఏ ధరల పట్టిక వాడాలో తేలాలి. ఆ డీలర్ ఖాతాకు ప్రత్యేకంగా పట్టిక ఉంటే అదే. లేకుంటే అతని గ్రూపుది, అదీ లేకుంటే కంపెనీ మామూలు పట్టిక. మన డీలర్‌కు అందులో ఫ్యాన్ ధర, జీఎస్టీ కాకుండా, 2,000 రూపాయలు ఉందనుకుందాం.

తగ్గింపులు ఆ తర్వాత వస్తాయి. ఒక్కో తగ్గింపూ ఒక్కో నియమం: ఏ సరుకుకి, ఎవరికి, కనీసం ఎన్ని కొంటే, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. మన డీలర్‌కు రెండు నియమాలూ వర్తిస్తాయి. కొనేవారికి ఏది లాభమో చూసి సాఫ్ట్‌వేరే ఇచ్చేస్తుందనుకుంటారు చాలామంది. అలా ఇవ్వదు. ఒకటి గ్రూపును బట్టి, మరొకటి మోడల్‌ను బట్టి పెట్టినవి కాబట్టి, ఏది పైదో చెప్పకపోతే ప్రాధాన్యం తేల్చమంటూ ఎర్రర్ చూపించవచ్చు.

తేల్చడానికి నియమంలో `Priority` అనే గడి ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1 అంటే మొదటి ర్యాంకు అనుకుని వేస్తారు, కానీ ఇందులో పెద్ద అంకెదే గెలుపు. పండగ ఆఫర్‌కు 10, డీలర్ తగ్గింపుకు 5 వేస్తే 15 శాతమే తగ్గి బిల్లు 1,700 అవుతుంది. అంకెలు తారుమారైతే 1,800.

రెండూ ఇవ్వాలనుకుంటే రెండు నియమాల్లోనూ `Apply Multiple Pricing Rules` టిక్ పెట్టాలి. అప్పుడు 10, 15 కలిసి 25 శాతమై ధర 1,500కి దిగుతుంది. తగ్గిన ధర మీదే రెండో తగ్గింపు లెక్కించమంటే మాత్రం 2,000 ముందు 1,800 అయి, దానిలో 15 శాతం పోయి 1,530 వస్తుంది. ఫ్యాన్‌కు 30 రూపాయల తేడా, వంద ఫ్యాన్లకు మూడు వేలు.

అందుకే ఆఫర్ మొదలయ్యే ముందే డీలర్ పేరున ఒకటి, మామూలు కొనుగోలుదారు పేరున ఒకటి డ్రాఫ్ట్ బిల్లులు చేసి చూడాలి. పట్టిక ధర, తగ్గింపు, చివరి ధర వరసలోనే కనిపిస్తాయి. తగ్గింపు అసలు పడకపోతే ముందు తేదీలు, కనీస సంఖ్య చూడండి. బిల్లులో `Ignore Pricing Rule` టిక్ ఎవరైనా పెట్టారేమో కూడా చూడండి. ఆ టిక్ ఉంటే ఏ నియమమూ పనిచేయదు.