పైదవడ పంటినొప్పి: సైనస్ వాపు, ట్రైజెమినల్ నాడీశూల – నిర్ధారణ పద్ధతి

పైదవడలో నొప్పి పుట్టినంతమాత్రాన పన్నే దోషి కానక్కర లేదు. పైదవడ ఎముకలోని సైనస్ గది అడుగుభాగం పై చర్వణకాల మూలాలకు ఆనుకొని ఉంటుంది. కొందరిలో నడుమనున్న ఎముక అతిపలుచని పొర మాత్రమే. ఆ గదికీ ఆ పళ్లకీ స్పర్శను అందించేది ట్రైజెమినల్ నాడి రెండవ శాఖ. అందువల్ల గదిలోని వాపును రోగి పంటినొప్పిగానే గ్రహిస్తాడు. పన్ను తీసివేయమని తానే పట్టుబడతాడు.

ఉదాహరణకు, ఉయ్యూరు ప్రాంతంలో వరినాట్లకు వెళ్లే ఒక మహిళ కుడి పైదవడ నొప్పితో దంతవైద్యుని వద్దకు వచ్చిందనుకుందాం. అంతకు కొద్దిరోజుల ముందు జలుబు చేసింది. నాటు వేయడానికి వంగితే నొప్పి బరువెక్కుతుంది. వైద్యుడు అద్దం పిడితో పళ్లను ఒక్కొక్కటిగా తట్టి, ఎడమవైపు పళ్లతో పోల్చుతాడు. కుడివైపు మూడు నాలుగు పళ్లు ఒకే తీరున నొస్తే అనుమానం సైనస్ వైపు మళ్లుతుంది. చెడిన పన్ను సాధారణంగా ఒంటరిగా బయటపడుతుంది. తరువాత చల్లదనపు పరీక్ష. ఆ పళ్లన్నీ చలిని గుర్తించి, చలి తీసిన కొద్ది సెకన్లలోనే ఊరట పొందితే లోపలి గుజ్జు ఆరోగ్యంగా ఉన్నట్లే. ఎక్స్‌రేలో మూలాల చివర మచ్చ లేకపోతే ఆమెను పంపవలసింది ముక్కు, చెవి, గొంతు వైద్యుని వద్దకు.

అయితే ఒక పన్ను చలికి అసలు స్పందించకపోతే కథ తలకిందులవుతుంది. చనిపోయిన పంటి చీము పైకి పాకి సైనస్‌ను చెరపవచ్చు. ఒకవైపు ముక్కు నుండే దుర్వాసనతో చీము రావడం దీనికి గట్టి సూచన. చిన్న ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. అప్పుడు త్రిమితీయ స్కాన్ అవసరం. ఇక్కడ పంటికి చికిత్స చేయకుండా ముక్కుకు ఎన్ని మందులు వాడినా వ్యాధి తిరగబెడుతుంది.

నాడీశూల స్వభావం పూర్తిగా వేరు. ముఖం కడిగినా, పళ్లు తోముకున్నా, గాలి సోకినా విద్యుత్ ఘాతం వంటి పోటు వచ్చి సెకన్లలో, మహా అయితే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. పగిలిన పన్ను కూడా క్షణకాలపు పోటునిస్తుంది గాని, అది కొరికినప్పుడో, కొరుకు వదిలినప్పుడో వస్తుంది; తేలికపాటి స్పర్శకు రాదు.

ఈ దశలో మత్తు సూది వైద్యుని మోసగించగలదు. నొప్పిని రేపే బిందువు చిగురుపై ఉంటే, అక్కడ మత్తు ఇచ్చినంతసేపు నాడీశూల కూడా ఆగుతుంది. దానినే రుజువుగా తీసుకొని పన్ను తీస్తే, మత్తు దిగాక నొప్పి పక్క పంటికి మారినట్లు తోస్తుంది. వరుసగా మంచి పళ్లు పోగొట్టుకునే రోగులు ఇలాంటివారే. చలి, తట్టుడు, ఎక్స్‌రేలలో ఏ ఒక్కటీ పంటిని దోషిగా చూపనప్పుడు పన్ను ముట్టుకోకుండా నాడీ వైద్యుని వద్దకు పంపాలి. అక్కడ మొదటి మందు సాధారణంగా కార్బమజెపైన్. నాడిని రక్తనాళమో, గడ్డో నొక్కుతున్నదా అన్నది ఎం.ఆర్.ఐ. తేల్చుతుంది. ముఖంలో తిమ్మిరి ఉన్నా, రోగి చిన్న వయసువాడైనా ఆ స్కాన్‌ను వాయిదా వేయరాదు.